అమ్మ వెనక్కి తిరిగే షాట్

మలేషియాలో మా రబ్బరు ఎస్టేట్‌లో రామమందిరం ఉన్నచోట ఇప్పుడు పామాయిల్ చెట్లున్నాయి. ఒకప్పుడు అక్కడ సాయంత్రం భజనకు ముందు దీపం వెలిగించేది మా అమ్మ. ఆ మందిరానికి ఫోటో లేదు, ఆనాటి అమ్మకూ లేదు. శ్రీరామనవమికి మా భజన సంఘంలో చూపించడానికి ఏఐతో చిన్న సినిమా చేద్దామని సైబర్‌జయలోని వీడియో కంపెనీలో పనిచేసే మా మేనకోడలు అన్నప్పుడు, నాకు కావలసింది ఒక్కటే. అమ్మ ఆ దీపం వెలిగించడం మళ్ళీ చూడాలి.

క్వాలా సెలంగోర్‌లో మా భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఒక్కో షాట్‌కు, ఏం కనబడాలో ఏఐకి రాసిచ్చే ఒక్కో ప్రాంప్ట్. "నువ్వు తెలుగులో రాయి మావయ్యా, ఇంగ్లీషులో నేనెడతాను" అంది. మొదటి షాట్‌లో అమ్మ నడిచి వస్తుంది. రెండోదానికి "ఇందాకటి అమ్మే దీపం వెలిగిస్తోంది" అని రాశాను.

పట్టుచీర కట్టిన ఎవరో పడుచు వెలిగించింది.

"ఏటిది? ఈవిడెవరు?"

"దానికి ఇందాకటి అమ్మ తెల్దు లా! ఏ షాట్‌కి ఆ షాటే. హరికథనుకున్నావా ఏటి, ఒక్కసారి సెప్పేస్తే సభంతా గుర్తెట్టుకోడానికి?" అంది, ఇక్కడివాళ్ళం మాట చివర తగిలించే "లా"తో.

అందుకే స్టైల్ షీట్ కావాలంది. అమ్మ రూపం, చీర, వెలుతురు, రంగులు ఒకచోట రాసి, ప్రతి ప్రాంప్ట్‌కూ ముందు మాట మార్చకుండా అతికించాలి. పారాయణానికి ముందు ధ్యానశ్లోకంతో స్వామి రూపం నిలుపుకునేవాణ్ణి కనుక వెంటనే అర్థమైంది.

రాముణ్ణి పాదాల నుంచి కిరీటం దాకా వర్ణించగలను. అమ్మ దగ్గరకొచ్చేసరికి వెలిసిన ఆకుపచ్చ చీర, వదులు ముడి, రబ్బరు పాలతో నల్లబడిన వేళ్ళు దొరికాయి.

"మొహం?"

కళ్ళు మూసుకున్నాను. భజనలో నేను అమ్మ వెనకే కూర్చునేవాణ్ణి. చివరికి మంచాన పడ్డప్పటి ముఖం గుర్తుంది. దీపం ముందటి ముఖం ఎంత వేడుకున్నా రాలేదు.

"అయితే మొహమొద్దు మావయ్యా" అంది, టీ గ్లాసు నా వైపు జరిపి. కెమెరా ఎప్పుడూ వెనకనే ఉండాలని షీట్‌లో చేర్చింది.

ఈసారి అన్ని షాట్లలోనూ అదే చీర, అదే ముడి. చివరిదానిలో దీపం మీదకు వంగిన తీరు అచ్చం అమ్మదే. తెర దగ్గరకు జరిగాను. అంతలో, ఎవరూ చెప్పకుండానే, ఆమె వెనక్కి తిరిగి నవ్వింది. అందమైన ముఖం. అమ్మది కాదు.

"మళ్ళీ సెయ్యనా?"

"వద్దమ్మా. ఆ వంగడం మళ్ళీ రాకపోతే? తిరిగే ముందే కోసెయ్."

నవమినాడు అందరూ చూసి రామనామం అందుకున్నారు. నేనూ గొంతు కలిపాను. ఆ సినిమా ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది. ఆమె తల కాస్త కదలబోతుందనగా తెర నల్లబడుతుంది. ఆ నలుపు వెనక ఉన్నది అమ్మ ముఖం కాదని నాకు తెలుసు. అయినా ప్రతిసారీ, ఈసారి తిరిగేది అమ్మే కావాలని స్వామిని అడుగుతూనే చూస్తాను.