ధర రాసిన కొట్టు

శృంగవరపుకోటలో మా మావయ్యగారిది కిరాణా కొట్టు. అక్కడ దేనికీ ధర రాసి ఉండదు. మనిషిని చూసి ధర చెప్పడం ఆయన పద్ధతి. ఆ ఇంటి కోడలినై ఉండి, నా అనువాదాల వెబ్‌సైట్‌లో బాహాటంగా రాసేశాను: ఇంగ్లీషు నుంచి తెలుగుకు, మూలంలోని ఒక్కో పదానికి రెండు రూపాయలు. అర్జెంటైతే ఇంకా ఎక్కువ.

అంతకుముందు పదేళ్లు ఏజెన్సీలు చెప్పిన ధరకే చేశాను. పేరు వాళ్లది, నడుంనొప్పి నాది. ఇక చాలనిపించింది. క్లయింట్ల కాగితాలు నమూనాలుగా పెట్టే హక్కు నాకు లేదు. అందుకే జీడిపిక్కలు ఒలిచే యంత్రం గురించి ఇంగ్లీషులో నేనే ఒక పేజీ రాసి, పక్కనే దాని తెలుగు పెట్టాను.

అన్నీ ఆలోచించిన దాన్ని, సంప్రదించడానికి మాత్రం కొట్టు నంబరు ఇచ్చేశాను. గ్యాసుకైనా, బడికైనా, శుభలేఖకైనా మా ఇంట్లో అదే నంబరు. చెయ్యి దానంతటదే రాసేసింది.

ఒక ఉదయం మావయ్యగారు సంబరంగా వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఒక పార్టీ ఫోన్ సేసాడమ్మా. పెద్ద మాన్యువలంట. పదానికి రూపాయంటే ఒప్పేసుకున్నాను."

"నన్నడక్కుండానా?"

"పొద్దున్నే బోణీ బేరం! వదులుకుంటామేటి?"

ఒళ్లు మండిపోయింది. "కొట్టులో పప్పు మీది, బోణీకి తగ్గించుకోండి. ఈ పని నాది" అన్నాను. ఆయన ఎదుటే ఆ పార్టీ నంబరుకు ఫోన్ చేసి, సైట్‌లో ఉన్నదే నా ధర అని చెప్పాను.

"పెద్దాయన మాటిచ్చాక తప్పుతారా?" అన్నాడు అవతలి మనిషి.

"ఆ మాట నేనివ్వలేదండీ."

ఫోన్ పెట్టేశాడు. వచ్చిన లక్ష్మిని కాలదన్నానని మావయ్యగారు మధ్యాహ్నం దాకా సణుగుతూనే ఉన్నారు.

నాకు ఏడుపొచ్చింది. సైట్ చూసి వచ్చిన మొదటి పని అది. అయినా ధర మార్చలేదు. కొట్టు నంబరు తీసేసి, అక్కడ ఒక ఫారం పెట్టాను. ఏ భాష నుంచి ఏ భాషకు, ఎన్ని పదాలు, ఎప్పటికి కావాలి, ఫైలు జతచేయండి. నింపితే నేరుగా నా మెయిల్‌కే వస్తుంది. కింద "ఒక పనిదినంలో నేనే జవాబిస్తాను" అని రాశాను. ఆ 'నేనే' కావాలనే రాశాను.

కొన్ని వారాల తర్వాత పంచదార కోసం కొట్టులోకి వెళ్లాను. పాత నంబరు రాసిపెట్టుకున్న వాళ్లెవరో ఫోన్‌లో ఉన్నారు. మావయ్యగారు నావైపు చూశారు.

"అనువాదానికంట. తగ్గించమంటన్నాడు."

నేను పంచదార డబ్బా మూత తియ్యబోయి, ఆయనవైపు తిరిగాను. ఆయన ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకున్నారు.

"బాబూ, నాను బెల్లం అమ్ముకునేవోడిని. అది నా కోడలి కొట్టు. అక్కడ ధర రాసుంటాది, సదువుకో."