ఆరు డిగ్రీల మంచం మీద పన్నెండు రోజులు

2025 మే 6, మంగళవారం, ఉదయం 6.10కి అమలాపురంలోని మా పరిశోధన వార్డులో స్వచ్ఛందంగా వచ్చిన ఎనిమిది మంది మంచమెక్కారు. తల వైపు ఆరు డిగ్రీలు పల్లానికి వంచిన మంచాలవి. ఇరవై ఒక్క రోజులు దిగకూడదు. భోజనం, స్నానం అన్నీ పడుకునే. రోదసిలో నెలల తరబడి ఉన్నవారికి కాళ్ళలోని ద్రవం ముఖానికి ఎగబాకడం, కండ కరగడం, ఎముకలోని కాల్షియం మూత్రంలో పోవడం నేల మీద ఇలాగే పరిశీలిస్తారు. రోదసిలోని రేడియేషన్ ప్రభావం మాత్రం ఈ మంచం మీద తెలియదు. నలుగురు పడుకునే కాళ్ళతో బరువులు తోస్తారు. ఆ వ్యాయామం ఎంత కాపాడిందో తెలియాలంటే మిగతా నలుగురు ఏమీ చేయకూడదు. కొలతలన్నీ రాసేది నేను.

ఆ ఏమీ చేయకూడని నలుగురిలో రాజోలు వైపు వ్యాయామోపాధ్యాయుడొకరు. ఐదో రోజు నుంచి ఆయన లెక్క కుదరలేదు. మేమిచ్చిన ద్రవం కంటే మూత్రం రోజూ అరలీటరు ఎక్కువ. బరువు మాత్రం తగ్గదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్తున్నారని అనుమానించాను. నిలబడినట్టు తేలితే ఆయన పడుకున్న రోజులన్నీ వృథా, ఆయన స్థానమూ పోతుంది.

"లేచానంటారేంటండీ! పక్కకి తిరగాలన్నా నర్సుగారిని అడగాలాయె," అన్నారాయన.

"మీరు నన్నూ అనుమానిస్తున్నారా మేడమ్?" అంది నర్సు. ఆమె డ్యూటీ వేళలు కూడా తిరగేశాను.

ఆయన తొడకు కట్టిన భంగిమ నమోదు పరికరం విప్పించి చూశాను. ఒక్క నిమిషమైనా నిలబడిన గుర్తు లేదు. విప్పి పక్కన పెట్టారేమో అనుకున్నాను.

పదకొండో రోజు ప్రయోగశాల నివేదిక వచ్చింది. మూత్రంలో పొటాషియం పెరిగింది, సోడియం పెరగలేదు. కుళాయి నీళ్ళు అలా చేయవు; పొటాషియం ఉన్నదేదో బయటి నుంచి వస్తోంది. మర్నాడు, మే 17న, సాయంత్రం నాలుగింటికి సందర్శకుల వేళ తలుపు పక్కన నిలబడ్డాను. ఆయన అత్తగారు సంచిలోంచి స్టీలు ఫ్లాస్కు తీసి, స్ట్రా ఆయన నోటికి అందించారు.

"ఏమిటండీ అది?"

"కొబ్బరినీళ్ళండి," అన్నారావిడ, బెదరకుండా. "అల్లుడుగారి మొకం చూసేరా, ఎలా ఉబ్బిపోయిందో? కాళ్ళేమో పుల్లల్లా అయిపోయాయి. వేడి చేసిందండి. మీరేమో బరువులు కొలుస్తారు గాని మనిషిని చూడరు, ఆయ్."

ముఖం ఉబ్బడమే మేము కోరినదని చెప్పాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

"ఆవిడని కాదనలేకపోయానండీ," అన్నారు అల్లుడుగారు, పైకప్పుకేసి చూస్తూ.

నర్సుకు క్షమాపణ చెప్పాను. ప్రధాన పరిశోధకురాలికి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. పడుకున్న భంగిమ చెడలేదు గనుక ఆయనను కొనసాగించమన్నారు.

పోయినవి: ఎనిమిది రోజుల ద్రవ, కాల్షియం లెక్కలు, ఆయన పిక్క చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు, నర్సుకు నా దగ్గరున్న చనువు. మిగిలినవి: పన్నెండు రోజుల పడక, కండ, ఎముక కొలతలు, జాబితాలో ఆయన స్థానం.