దండం బొమ్మ లేని కబురు

ఎనిమిదో తారీఖు వచ్చినా పైవాటా అద్దె రాలేదని తెలిసి టైలరమ్మకు కోపం రాలేదు. సంతోషం వేసింది. పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ఇలాంటి రోజు కోసమే కాచుకుని ఉంది.

పైవాటాలో ఉంటున్న పెద్దాయనకు ఒకప్పుడు ఇనుప కొట్టు, సొంత మేడ ఉండేవి. ఆ మేడ వెనక గదిలో ఈవిడ అద్దెకుండేది. ఒక నెలలో అద్దె నాలుగు రోజులు ఆలస్యమైతే ఆయన మెట్ల మీద నిలబడి, మిగతా అద్దెవాళ్లందరూ వినేలా కేకలేశాడు. చంకలో పిల్లను కిందికి దించి ఈవిడ చేతులు జోడించింది. ఆయన నవ్వి, "దండాలు పెడితే అద్దె కట్టినట్టేనా?" అన్నాడు. తర్వాత కొట్టు మునిగింది, మేడ అమ్ముడుపోయింది. ఈవిడ మిషను కుట్టి కూడబెట్టి సొంత ఇల్లు కట్టుకుంది. బ్రోకరు వెంట ఆ ఇంటి పైవాటా చూడటానికి వచ్చినప్పుడు ఆయన ఈవిడను గుర్తుపట్టలేదు. ఈవిడ గుమ్మంలోనే గుర్తుపట్టింది. అందుకే ఇల్లిచ్చింది.

అద్దె రాలేదని వీధివాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ చూసేలా పెట్టమంది కూతురితో. రచ్చ అవుతుంది, ఆయనొక్కడికే పంపాలని కూతురు నచ్చజెప్పి, తనే రాసి చదివి వినిపించింది. "నమస్కారమండీ. అయిదో తారీఖుకు రావలసిన ఈ నెల అద్దె ఇంకా అందలేదు. వీలు చూసుకుని పదో తారీఖులోగా పంపగలరు. ఇప్పటికే పంపి ఉంటే చెప్పండి."

చివర పళ్లు బయటపెట్టి నవ్వే బొమ్మ పెట్టమంది టైలరమ్మ. అది వెటకారంలా ఉంటుందని, రేపు ఆయన దాన్నే నలుగురికీ చూపిస్తాడని కూతురు ఒప్పుకోలేదు. దండం బొమ్మ పెడదాం, అందరూ పెట్టేదేగా అంది.

మిషను ఆగిపోయింది.

"ఆ మనిషికి నేనొకసారి పెట్టాను. ఇక పెట్టను."

అప్పటిదాకా దాచుకున్నదంతా చెప్పింది. ఆ రోజు నేల మీదికి దించిన పిల్ల తనేనని తెలిసి కూతురి మొహం జేవురించింది. ఎర్రటి కోపం బొమ్మ వెతికింది. ఈసారి తల్లే వద్దంది. తిట్టామనే సాకు ఆయనకు దొరకకూడదు. బొమ్మలేవీ లేకుండానే కబురు వెళ్లింది.

పావుగంటలో డబ్బు పడింది. వెనకే జవాబు వచ్చింది. "మర్చిపోయాను, క్షమించండమ్మా. ఇంత మర్యాదగా అడిగే ఓనరును నేనెక్కడా చూడలేదు." చివర మూడు దండం బొమ్మలు.

టైలరమ్మ ఒళ్లు మండిపోయింది. ఆయనకు ఏమీ గుర్తులేదు! తను ఇన్నేళ్లు మోసిన అవమానాన్ని ఆయన ఆ సాయంత్రమే మర్చిపోయి ఉంటాడు. ఫోను లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే రాసింది.

"మీ మేడ వెనక గదిలో ఉండేదాన్ని. ఎలా అడగకూడదో మీ దగ్గరే నేర్చుకున్నాను."

చదివినట్టు నీలం గీతలు పడ్డాయి.

ఇప్పుడు అద్దె ఒకటో తారీఖు పొద్దున్నే పడుతోంది. మాటా లేదు, బొమ్మా లేదు. టైలరమ్మకు అదే కొరత. ఆయన ఇంకొక్క నెల ఆలస్యం చేస్తే బాగుండునని ఆవిడకు ఇప్పటికీ ఉంది.