రెండుసార్లు చేస్తే మోగే ఫోన్

మధ్యాహ్నం కునుకు చెడకుండా ఫోన్‌లో రోజూ రెండు నుంచి నాలుగు దాకా డు నాట్ డిస్టర్బ్ పెట్టుకున్నాను. ఫేవరెట్స్‌లో మా ఆవిడ నంబర్ మాత్రమే మోగేలా చేర్చి, "వేరే నంబర్ నుంచైనా వెంటవెంటనే రెండుసార్లు చేస్తే మోగుతది" అని ఆమెకు ప్రొఫెసర్‌లా పాఠం చెప్పాను.

మొన్న మధ్యాహ్నం నేను కునుకులో ఉండగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోయింది. నన్ను బండి తెమ్మందామని చీరల దుకాణం ఆయన ఫోన్ నుంచి ఒకసారి, మళ్లీ ఆయన్నే అడగడానికి మొహమాటపడి పూలామె ఫోన్ నుంచి ఒకసారి చేసిందట. చివరికి సంచులు మోసుకుంటూ ఆటోలో ఎల్బీనగర్‌ ఇంటికి చేరి, "రెండుసార్లు చేసిన గదా, ఏంది మీ పాఠం?" అంది.

రెండుసార్లూ ఒకే నంబర్ కావాలన్న ముక్క నేనే చెప్పలేదు. నా కట్టుదిట్టాలన్నీ దాటి ఆ మధ్యాహ్నం నన్ను నిద్రలేపింది నాగోల్‌లో ప్లాట్లు అమ్మే మనిషి. ఆయనకు పాఠం ఎవరూ చెప్పలేదు. ఒకే నంబర్ నుంచి రెండుసార్లు చేశాడు.