దగ్గు ఎవరికి?

మా వదిన మందుల షాపులో ఒక దగ్గు సిరప్ కొనడం కన్నా పిల్లకి సంబంధం కుదర్చడం తేలిక. మా ఆయనకి అక్క ఆవిడ. ఫార్మసీ చదివి, సొంతంగా షాపు పెట్టుకుని, తెల్లకోటు వేసుకుని కౌంటర్ వెనకాల నిలబడుతుంది. నేను పక్కన క్యాష్ దగ్గర కూర్చుని రోజంతా తల పట్టుకుంటాను.

"దగ్గు ఎవరికి? పొడి దగ్గా, కఫం పడుతోందా? వేరే మందులేమైనా వాడుతున్నారా?"

వచ్చినవాళ్లు చేతిలో డబ్బులు పట్టుకుని నిలబడాలి. వెనకాల వాళ్లు గొణగాలి. ఓసారి మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారుకి చిర్రెత్తుకొచ్చింది.

"అమ్మా, నేనడిగింది దగ్గు మందు. నీ కూతుర్నివ్వమని కాదు!"

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. "బీపీకి ఏం వాడుతున్నారు?" అంది. ఆయన విసవిసా ఎదుటి షాపుకి వెళ్లిపోయాడు. అక్కడ ప్రశ్నలుండవు, వేలు చూపిస్తే సీసా చేతికొస్తుంది. మా బేరాలన్నీ అలా రోడ్డు దాటి వెళ్లిపోతుంటే నాకు కడుపు మండిపోయేది. పెళ్లి మాట తెచ్చినవాళ్లని కూడా ఈవిడ ఇలాగే ప్రశ్నలడిగి పంపేసిందని మా అత్తగారు ఇప్పటికీ తిడుతుంటారు.

కాలేజీ కుర్రాళ్లు గుంపుగా వచ్చి తలో రెండు సీసాలు అడిగితే, "ఒక్కసారి దగ్గండి చూద్దాం" అనేది. వాళ్లు దగ్గిన దగ్గు చూసి నాకే జాలేసింది. ఇవ్వలేదు. వాళ్లు పోయాక నేను గొడవపడ్డాను.

"దగ్గు మందే కదా వదినా! విషమా?"

"అందులో డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉందే. కొలత ప్రకారం తాగితే దగ్గు ఆగుతుంది. సీసాలకి సీసాలు తాగితే ఒళ్లు ఒకచోట, మనిషి ఒకచోట అయిపోతారు. తన చెయ్యి తనది కాదనిపిస్తుంది. గుండె దడ, జ్వరం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. పైగా కొన్ని సిరప్‌లలో పారాసెటమాల్ కూడా కలిసి ఉంటుంది. తాగినవాడు మత్తు దిగి లేచి తిరుగుతూనే ఉంటాడు, లోపల లివర్ పోతుంది."

ఆ పేరు పలకడానికే ఊపిరి చాలదు, మనకెందుకులే అనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ వాళ్లింటికి వెళ్లాను. నా తమ్ముడు లిఫ్ట్ మెకానిక్. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి అరచెయ్యి కాలుతున్న పెనం మీద ఉంది.

"ఒరేయ్! చెయ్యి తియ్యరా!"

తియ్యలేదు. ఆ చేతి వంకే చూస్తున్నాడు. నేను లాగేస్తే, "ఇది ఎవరిదక్కా?" అన్నాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. మొహంలో నొప్పన్నదే లేదు. కనుపాపలు పెద్దవై, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. కర్రకాళ్ల మీద నడిచినట్టు నడిచాడు. ఒళ్లు సలసలా కాగిపోతోంది, చెమటకి చొక్కా తడిసి ముద్దయింది, పళ్లు కటకటలాడుతున్నాయి.

వాడి ఫోను కోసం పనిముట్ల సంచీలో చెయ్యి పెడితే ఖాళీ సీసాలు గలగలమన్నాయి. అన్నీ దగ్గు సిరప్‌లే. వాటిమీద అంటించిన చీటీలు తలో షాపువి. మా షాపుది ఒక్కటీ లేదు.

హాస్పిటల్‌లో డాక్టరు ముందు ఆ సీసాలు పెట్టాను. ఆయన లేబుళ్లన్నీ చదివాడు. "వీటిలో పారాసెటమాల్ కలిసినది ఒక్కటీ లేదు, అదొక్కటే నయం" అని, "వేరే మందులేమైనా వాడుతున్నాడా?" అని అడిగాడు.

"అబ్బే! నా కొడుకు తలనొప్పి మాత్ర కూడా మింగడు" అంది అమ్మ. నేనూ తలూపాను.

డాక్టరు వాడి పాదాన్ని ఒక్కసారి పైకి నెట్టి పట్టుకున్నాడు. పాదం దానంతటదే టకటకా కొట్టుకుంది. "ఇది ఒక్క సిరప్ పనిలా లేదే" అని ఆయన మొహం చిట్లించాడు.

"మళ్లీ అడుగుతున్నాను. మానసిక వైద్యుడి దగ్గరికేమైనా..."

"మా వంశంలో పిచ్చివాళ్లు లేరండీ!" అమ్మ గయ్యిమంది. పక్కన నర్సు కాలిన చేతికని నొప్పి ఇంజెక్షన్ సిరంజిలోకి ఎక్కిస్తోంది.

నేను వదినకి ఫోన్ చేసి ఏడుస్తూ జరిగింది చెప్పాను. ఆవిడ అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"వేరే మందుల సంగతి డాక్టరుకి చెప్పారా?"

"ఇక్కడ కూడా నీ ప్రశ్నలేనా వదినా! నీకు దణ్ణం పెడతాను, ఆపు!"

"ఫోను డాక్టరుకివ్వు. ముందు ఇవ్వు!"

ఇచ్చాను. ఆయన విని, ఏదో మాత్ర పేరు పైకి పలికి, సిస్టర్ వైపు చెయ్యెత్తాడు.

"ఆ ఇంజెక్షన్ ఆపండి! అదిస్తే ఇంకా ముదురుతుంది."

ఆ తర్వాత అందరూ పరుగులు పెట్టారు. సెలైన్, ఒళ్లు వణక్కుండా మత్తు మందు, చల్లటి తడిగుడ్డలు. కాస్త నెమ్మదించాక డాక్టరు చెప్పాడు. వాడు డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నాడట. ఆ మాత్రలూ, ఈ సిరప్పూ రెండూ ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే, అది మితిమీరితే విషమట. పైగా సిరప్‌ని కరిగించే లివర్ పనికి ఆ మాత్రే అడ్డం పడుతుందట. ఆ నొప్పి ఇంజెక్షన్ కూడా పడి ఉంటే వాడు దక్కేవాడో కాదో.

అమ్మ కుర్చీలో కూలబడిపోయింది. నాకు మాత్రం కోపం నషాళానికి అంటింది. వదిన షాపుకి తాళం వేసి, తెల్లకోటుతోనే వరండాలోకి వచ్చింది. మీద పడ్డాను.

"నీకు తెలుసా? పొద్దస్తమానం నా పక్కనే నిలబడి, నా తమ్ముడి సంగతి నాకు చెప్పవా?"

"నువ్వు ఇంటికెళ్లాక వచ్చి నా దగ్గర మందు కొనేవాడు వాడు. కొన్నవాళ్ల సంగతి పక్కవాళ్లకి చెప్పకూడదు."

"నేను పక్కదాన్నా?"

"అక్కకి చెప్పరా అని వచ్చినప్పుడల్లా చెప్పాను. అమ్మ పిచ్చివాడంటుందని వాడి భయం. డాక్టరు ముందు కూడా అలాగే అందట కదే!"

అయినా నేను ఊరుకోలేదు. "మరి సిరప్ సంగతి?"

"ఒకసారి అడిగాడు. దగ్గు ఎవరికిరా అంటే నీకన్నాడు. నువ్వు దగ్గట్లేదుగా! ఇవ్వలేదు. ఆ మాత్రలతో ఇది కలిస్తే ప్రాణం మీదికొస్తుందని చెప్పి పంపాను."

"పంపితే ఎదుటి షాపుకి పోయాడు! అప్పుడైనా నా చెవిన వెయ్యాలి కదా?"

వదిన కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుంది.

"వెయ్యాల్సిందేమోనే. ఆ రోజు నుంచీ అదే ఆలోచిస్తున్నాను" అంది. నేను పక్కకి జరిగి బల్ల మీద ఆవిడకి చోటిచ్చాను.

వాడు బతికాడు. తేలుతున్నట్టుండేదట, బాధ దూరంగా ఎవరిదోలా కనిపించేదట, అందుకే తాగానన్నాడు. మళ్లీ మానసిక వైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అమ్మ మాత్రం అడిగిన వాళ్లందరికీ వైరల్ ఫీవర్ అని చెప్పుకొచ్చింది. అలా దాచకమ్మా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

వానలు మొదలయ్యాక వాడికి నిజంగానే దగ్గొచ్చింది. అమ్మ వెంటబెట్టుకుని మా షాపుకొచ్చింది. షాపు నిండా జనం. ఎదుటి షాపులో సీసా దొరకలేదని వచ్చి, మా దగ్గర నాలుగు ప్రశ్నలకీ లేదు లేదని జవాబిచ్చి, సిరప్ చేతిలో పట్టుకుని చిల్లర కోసం నిలబడ్డ మాస్టారు కూడా ఉన్నాడు.

వదిన ఎవరినీ వదలదు కదా.

"దగ్గు ఎవరికి?"

"నాకే అక్కా." దగ్గాడు. మెలికలు తిరిగిపోయేలా దగ్గాడు.

"వేరే మందులేమైనా వాడుతున్నావా?"

"ఏమీ లేవమ్మా" అని అమ్మ అందుకుంది.

వాడు మచ్చ పడిన అరచెయ్యి కౌంటర్ మీద పెట్టాడు. "వాడుతున్నానక్కా. డిప్రెషన్‌కి" అన్నాడు, అందరికీ వినపడేలా.

అమ్మ తల దించుకుంది. నేను మాస్టారుకివ్వాల్సిన చిల్లర పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

"అయితే నీకు సిరప్ లేదు" అంది వదిన. "ఆవిరి పట్టు, తేనె చప్పరించు. తగ్గకపోతే డాక్టరుకి చూపించుకో. మాత్ర మాత్రం మానకు."

నేను చిల్లర చాచాను. మాస్టారు తీసుకోలేదు. చేతిలో సీసా మెల్లిగా కౌంటర్ మీద పెట్టాడు.

"అమ్మా, మా ఆవిడ పోయినప్పటి నుంచీ నేను కూడా ఒక మాత్ర వేసుకుంటున్నాను. ఇందాక చెప్పలేదు."

"చూపించండి" అంది వదిన.