తేదీల వరసలో స్క్రీన్‌షాట్లు

ఆ దర్జీ అమ్మాయికి భయం కొత్త కాదు. రెండేళ్లుగా దాంతోనే కాపురం చేస్తోంది. విడిగా ఉంటున్న మొగుడు బెదిరిస్తూ మెసేజ్ పెడతాడు, ఆమె చదివిందని తెలియగానే చెరిపేస్తాడు. మహానుభావుడు సాక్ష్యం మిగల్చడు. అందుకే ఆమె ముందు స్క్రీన్‌షాట్ తీసి, తర్వాతే ఏడ్చేది. అలా నాలుగొందల పన్నెండు పోగయ్యాయి.

"తేదీ వారీగా పేర్లు పెట్టి తీసుకురామ్మా. ఎల్లుండి జడ్జిగారి ముందు నేను వెతుక్కుంటూ నిలబడలేను," అంది లాయరమ్మ. అతను ఇంటి ఛాయలకు రాకూడదన్న ఉత్తర్వు ఆ రోజే రావాలి. రాకపోతే ఏమవుతుందో ఆ మెసేజ్‌ల్లోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య జిరాక్స్ షాపుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. సిగ్గుకొద్దీ ఆ బొమ్మలు అన్నయ్యకు కూడా ఎప్పుడూ చూపించలేదు. ఫోన్లోంచి అన్నీ కట్ చేసి ఫోల్డర్‌లో వేసింది. తొందరలో అన్నిటినీ ఒకేసారి ఎంచుకుని "బెదిరింపు" అని పేరు కొట్టింది. బెదిరింపు ఒకటి నుంచి నాలుగొందల పన్నెండు దాకా అయ్యాయి. పాత పేర్లలో ఉన్న తేదీలు మాయం. బొమ్మ తెరిస్తే పైన టైం ఉంది గాని తారీఖు లేదు. మెసేజ్ మీద "ఈరోజు" అని ఉంది. ఏ బొమ్మ చూసినా ఈరోజే!

"అన్నయ్యా, కొంప మునిగింది!"

"ఏదీ, జరుగు." అన్నయ్య కంట్రోల్, జెడ్ కలిపి నొక్కాడు. పాత పేర్లన్నీ తిరిగొచ్చాయి. "దీనికేనా అలా అరుస్తావు?"

ఈసారి బుద్ధిగా ఒక్కొక్కటే మార్చింది. ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, పక్కన రెండు మాటలు. మధ్యాహ్నానికి సగం పైగా వరసలోకొచ్చాయి.

జూన్ పది దగ్గర వేళ్లు ఆగిపోయాయి. అందులో అప్పట్లో ఆమె చేరబోతున్న ఇంటి తలుపు నంబరుంది. ఆ ఇంట్లో దిగింది ఇరవయ్యో తారీఖున. తొమ్మిదిన అగ్రిమెంటు రాసుకుని, ఆ సాయంత్రమే ఇక్కడ కాపీ తీయించింది. ఇంటావిడకు ఆ మొగుడెవరో తెలియదు. ఇక మిగిలింది ఈ షాపే.

ఇన్నాళ్లూ ఆమె వీధిలో చెప్పుల చప్పుడుకి భయపడింది. ఇప్పుడు పక్కనున్న మనిషికి భయపడుతోంది.

"నా కాగితం ఎవరికిచ్చావు?"

అన్నయ్య చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. "బావ కాళ్లు పట్టుకున్నాడే. మీ కాపురం నిలబడుతుందనీ..."

ఆమె తెర అతని వైపు తిప్పింది. 'తలుపు వేసుకుని పడుకో, తగలబెట్టడం తేలిక.' అన్నయ్య చదివాడు. మళ్లీ చదివాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"మొన్న మళ్లీ ఇల్లు మారినప్పటి అగ్రిమెంటు కూడా ఇచ్చావా?"

"ఇవాళ పొద్దున, నువ్వు రాకముందే ఇచ్చాను," అన్నాడు.

తెల్లకాగితం, పెన్ను అతని ముందుకు తోసింది.

"ఏ రోజున ఏది ఇచ్చావో రాసి సంతకం పెట్టు. రేపు కోర్టుకి నువ్వూ వస్తున్నావు."

మిగిలిన ఫైళ్లకు పేర్లు పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని లేచింది. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో అన్నయ్యకు చెప్పలేదు.