కాల్తది, కాలిపోతుంది

ఎల్లారెడ్డి బస్టాండు వెనక వీధిలో రఫియా చేత బట్టలు కుట్టించుకోని ఆడమనిషి అరుదు. ఎనభైలలో పెళ్లయి వచ్చిన కొత్తలో తొక్కుడు మిషను ముందు కూర్చుంది, మోకాళ్లు మొరాయించేదాకా లేవలేదు. మనిషి ముక్కుసూటి. "ఈ రంగు నీకు నప్పదు" అని ముఖం మీదే చెప్పి, అదే బట్టను శ్రద్ధగా కుట్టి ఇచ్చేది. మెత్తగా మాట్లాడమని ఎవరూ నేర్పలేదు, నేర్పినా నేర్చుకునే రకం కాదు.

మాట వల్లే ఒకసారి గట్టి దెబ్బ తిన్నది. ఆ రోజుల్లో పక్క వాడకట్టు సాలవ్వకు కుట్టిన జాకెట్టు మెడ దగ్గర కాస్త వదులైంది. సరిచేసి ఇస్తానని రఫియా అంటూనే ఉంది. సాలవ్వ మాత్రం ఇల్లిల్లూ తిరిగి "నా జాకెట్ ఖరాబ్ చేసింది" అని చెప్పుకొచ్చింది. ఆ దసరాకు రఫియా దగ్గరికి ఒక్క గుడ్డముక్క రాలేదు. వదులు కావడం నిజం, పాడు కావడం అబద్ధం. తర్వాత సాలవ్వ ఏమీ జరగనట్టే మళ్లీ బట్టలు తేవడం మొదలుపెట్టింది గానీ, రఫియాకు ఆ కడుపుమంట చల్లారలేదు.

మోకాళ్ల బాధ పడలేక మొన్నీమధ్య మిషనుకు మోటారు పెట్టించుకుంది. కామారెడ్డిలో కుట్టుమిషన్ల సామాను అమ్మే మజహర్ కొత్తగా ఆన్‌లైన్ దుకాణం తెరిస్తే, అందులో కొన్నది. కొన్నాళ్లకు అభిప్రాయం రాయమని ఫోనుకు సందేశం వచ్చింది. రఫియా చదివింది ఉర్దూ. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది గానీ చదవడం, రాయడం రాదు. అందుకే ఫోను పట్టుకుని జిరాక్సు షాపు సిద్ధిరాములు దగ్గరికి పోయింది. దరఖాస్తులు రాసి రాసి పండిన మనిషి, ఎవరి వాక్యం కనబడినా దిద్దకుండా ఉండలేడు.

"రాయ్ అన్నా," అంది రఫియా. "మోటర్ మంచిగనే ఉన్నది గని, గంటసేపు ఆపకుంట కుడితె కాల్తది. మోకాళ్లు నొచ్చెటోళ్లకు మంచి ఆసరా."

"అచ్చంగ గిట్లనే రాస్తె నవ్వుతరక్కా. నేను సాఫ్ చేసి పెడ్త."

సాఫ్ చేశాడు. 'మంచిగనే' పోయి 'బాగానే' వచ్చింది, 'కాల్తది' పోయి 'కాలిపోతుంది' వచ్చింది. అయిదు చుక్కల రేటింగులో నాలుగు నొక్కి పంపేశాడు. వ్యాకరణం లక్షణంగా ఉంది. మోటారే బూడిదైంది.

రెండ్రోజులకు మజహర్ ఫోన్ చేశాడు. "ఖాలా, మోటర్ కాలిపోయిందా? నాకు ఒక్క మాట చెప్పకపోతిరి. బిచ్కుంద కుట్టు సంఘపోళ్లు మీరు రాసింది చూసి ఆర్డర్ ఆపిన్రు. ఇంకెవ్వరు గూడ కొంటలేరు. గిట్లయితే దుకాణం నడువది."

ఒకప్పుడు రఫియా మీద పడిన నిందే ఇప్పుడు ఆమె పేరుతో ఇంకొకరి మీద పడింది. "కాలిపోలేదు బేటా. చెయ్యి పెడితె కాల్తది, గంతే."

"గట్లయితే ఆ వేడి ముచ్చటే తీసెయ్యండి ఖాలా. రెండు మోటర్ బెల్టులు ఊకెనే పంపిస్త."

"తియ్య. కొనెటోళ్లకు ఎరుకుండాలె. బెల్టులు వద్దు."

మళ్లీ సిద్ధిరాములు దగ్గరికే పోయింది. "చదువు అన్నా, మొత్తం చదువు," అంది. 'కాలిపోతుంది' అన్న మాట వినగానే పట్టుకుంది. సిద్ధిరాములు తల గోక్కున్నాడు. పాత అభిప్రాయం తెరిచి, 'మార్చు' నొక్కి, ఈసారి ఒక్కో మాటా ఆమెను అడిగి రాశాడు:

"గంటసేపు ఆపకుండా కుడితే మోటారు బాగా వేడెక్కుతుంది, కాసేపు ఆపితే చల్లారుతుంది. మోకాళ్ల నొప్పితో తొక్కుడు మిషను తొక్కలేని నాకు ఇది బాగా పనికొస్తున్నది."

రఫియా రెండుసార్లు చదివించుకుని, అప్పుడు పంపనిచ్చింది. బిచ్కుంద వాళ్లు అడిగినవాటిలో సగమే తీసుకున్నారని తర్వాత మజహర్ చెప్పాడు. అతని గొంతులో సంతోషం లేదు, కోపమూ లేదు.

ఒక సాయంత్రం సాలవ్వ మనవరాలి లంగా కోసం వచ్చి గడపలో కూర్చుంది. రఫియా మోటారు మీద చేయి పెట్టి చూసి, మిషను ఆపింది.

"ఏమైంది, కాలిపోయిందా?" అంది సాలవ్వ.

"కాలిపోలే. వేడెక్కింది. కాలిపోతదని రాస్తె కామారెడ్డిల ఒక పిలగాని గిరాకి ఆగింది. మల్ల రాయించిన." జరిగిందంతా చెప్పింది.

సాలవ్వ కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"గప్పుడు నా జాకెట్ గూడ లూజే అయింది, రఫియా," అంది. "ఖరాబ్ కాలే."

రఫియా దారం తెగకున్నా సూది దగ్గరికి వంగి, మళ్లీ ఎక్కించింది.